నేను ఎక్కడా ఒప్పుకోలేదు, మరి చట్టానికి ఎందుకు లోబడాలి?

సరళరేఖ

రాజనీతి శాస్త్రంలో సామాజిక ఒప్పందం దగ్గర ఇరుక్కుపోయాను, ఎవరైనా సాయం చేయండి. మొదటి సగం దాకా నాకు ఇబ్బంది లేదు. ప్రభుత్వమే లేని ప్రకృతి స్థితిని ఊహించుకోమంటారు, అక్కడ ఎవరి ప్రాణానికీ ఆస్తికీ భరోసా ఉండదంటారు, కాబట్టి ఆలోచన ఉన్నవాళ్లంతా కలిసి ఒక అధికారాన్ని నిలబెట్టుకుంటారంటారు. ఇక్కడిదాకా సరే. కానీ ఆ కథలోంచి "కాబట్టి ఈ రోజు నువ్వు చట్టానికి లోబడి ఉండాలి" అనే ముగింపు ఎలా వస్తుంది? ఒప్పుకున్నది వాళ్లు, నేను కాదు కదా!

దీనికి ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ ఇచ్చిన జవాబు చదివాక నా సందేహం ఇంకా పెరిగింది. 1689లో వచ్చిన పుస్తకంలో ఆయన ఏమంటాడంటే, నోటితో ఒప్పుకోకపోయినా మౌనంగా ఒప్పుకున్నట్టే, ఆ దేశంలో భూమి అనుభవిస్తున్నా, వారం రోజులు ఒక గదిలో బస చేసినా, చివరికి అక్కడి రహదారి మీద స్వేచ్ఛగా నడిచి వెళ్తున్నా సరే, అది సమ్మతి కిందికే వస్తుందట. రోడ్డు మీద నడిస్తే ఒప్పందం మీద సంతకం పెట్టినట్టా? ఇంత పెద్ద ఆలోచనాపరుడు ఇంత బలహీనమైన మాట ఎందుకు అన్నాడో నాకు అర్థం కావడం లేదు. ఇంతకన్నా గట్టి దారి ఏదైనా ఉందా?

బండరాయి

ఇందులో అంత ఆలోచించడానికి ఏముందండీ. పోలీసులున్నారు, కోర్టులున్నాయి, జైలుంది. లోబడకపోతే పట్టుకెళ్తారు కాబట్టి లోబడతాం. మిగతాదంతా పుస్తకాల్లో రాసుకోవడానికే. ఏ దేశంలోనైనా ఒక్క రాత్రి పోలీసుల్ని పక్కకు తప్పించి చూడండి, ఎంతమంది చట్టాన్ని పాటిస్తారో తెలుస్తుంది.

సరళరేఖ

బండరాయి గారూ, జనం ఎందుకు పాటిస్తున్నారు అన్నది నా ప్రశ్న కాదు. పాటించాల్సిన బాధ్యత ఉందా, ఉంటే ఎక్కడి నుంచి వచ్చింది అన్నది ప్రశ్న. దొంగ కత్తి చూపిస్తే పర్సు ఇచ్చేస్తాను, నిజమే. కానీ వాడు అటు తిరగగానే పారిపోతే నేను తప్పు చేసినట్టు ఎవరూ అనరు. పన్ను ఎగ్గొట్టినవాణ్ని మాత్రం, దొరక్కపోయినా సరే, తప్పు చేశాడనే అంటాం. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోందన్నదే నేను అడుగుతున్నది.

నిప్పురవ్వ

అసలు ఈ సిద్ధాంతం మొత్తం కట్టుకథ. అలాంటి ప్రకృతి స్థితి చరిత్రలో ఎక్కడా లేదు, మనుషులు ఎప్పుడూ గుంపులుగానే బతికారు, ఎవరూ ఏ చెట్టు కిందా కూర్చుని ఒప్పందం రాసుకోలేదు. ప్రభుత్వాలన్నీ దండయాత్రలతోనో కుట్రలతోనో పుట్టాయి. ఈ కథను రాజుల కోసం రాశారు. ఇంగ్లిష్ తత్వవేత్త హాబ్స్‌నే తీసుకోండి, ఒకసారి ఒప్పుకున్నాక సర్వం రాజుకు అప్పగించేయాలి, ఏం చేసినా నోరెత్తకూడదు. సరళరేఖ గారూ, గట్టి దారి కోసం వెతక్కండి, లేదు.

పాతకాగితం

నిప్పురవ్వ గారి మాటలో సగం బలంగా ఉంది. ప్రభుత్వాలు బలప్రయోగంతో పుట్టాయన్న మాట స్కాట్లాండ్ తత్వవేత్త హ్యూమ్ 1748లోనే అన్నాడు, దాదాపు ఇదే ధోరణిలో. కానీ హాబ్స్ గురించి అన్నది అలా వదిలేయలేం. రాజు మరణశిక్ష వేసినా సరే, ఆ మనిషి తనను చంపడానికి వచ్చినవాళ్లను ఎదిరించే హక్కును వదులుకోలేడని హాబ్స్ స్పష్టంగా రాశాడు. ఎందుకంటే ప్రాణం కాపాడుకోవడానికే ఈ ఒప్పందంలోకి వచ్చాం, ఆ ప్రాణాన్నే ఇచ్చేస్తానన్న మాట చెల్లదు. ఇంకా ముఖ్యమైనది, పాలకుడు కాపాడగలిగినంత కాలమే ప్రజల బాధ్యత ఉంటుంది, ఆ శక్తి పోయిన రోజున బాధ్యతా పోతుందన్నాడు.

ఈ మాట ఊరికే అనలేదు. 1649 జనవరిలో ఇంగ్లండ్‌లో మొదటి ఛార్లెస్ తల నరికారు. ఏడాది తిరిగేసరికి కొత్త ప్రభుత్వం పెద్దవయసు మగవాళ్లందరూ ప్రతిజ్ఞ చేయాలంది, రాజూ ప్రభువుల సభా లేకుండా ఇప్పుడున్న వ్యవస్థకు విధేయంగా ఉంటామని. వాళ్లలో చాలామంది అంతకు ముందు రాజుకు ప్రమాణం చేసినవాళ్లే. పాత ప్రమాణం తప్పాలా, కొత్తది కాదనాలా? మనస్సాక్షి ఉన్నవాడికి అది నిద్ర పట్టనివ్వని సమస్య. హాబ్స్ పెద్ద పుస్తకం 1651లో బయటికొచ్చింది. పాతవాడు ఇక నిన్ను కాపాడలేడు, కొత్తవాడు కాపాడుతున్నాడు, అతని రక్షణలో బతుకుతున్నావు కాబట్టి లోబడు అన్నది ఆ రోజుల్లో ఆ మనుషులకు ఆయన ఇచ్చిన జవాబు కూడా. రాజుల కోసం రాసినవాడైతే ఈ మాట రాయడు. రాజు పక్షం వాళ్లలో చాలామందికి అది మింగుడుపడలేదు కూడా.

ఇక సరళరేఖ గారి అసలు ప్రశ్న. లాక్ రోడ్డు మాట బలహీనమే, కానీ ఆ ఇబ్బందిలోకి ఆయన ఎందుకు వచ్చాడో చూడండి. తండ్రి చేసిన ఒప్పందం కొడుకును కట్టిపడేయదని ఆయనే అన్నాడు. పుట్టిన బిడ్డ ఏ దేశానికీ ఏ ప్రభుత్వానికీ ప్రజ కాదనీ, పెద్దయ్యాక తనే ఎంచుకోవాలనీ అన్నాడు. ఇంత కచ్చితంగా చెప్పాక, పెద్దయిన ప్రతివాడి దగ్గరా సమ్మతి చూపించాల్సిన బరువు ఆయన మీదే పడింది. నిజంగా నోటితో ఒప్పుకున్నవాళ్లు కొందరే. మిగతావాళ్ల కోసం సమ్మతిని పలుచన చేసుకుంటూ పోయాడు, చివరికి రోడ్డు మీద నడక దాకా వచ్చింది.

వలసపక్షి

ఈ చర్చలో నా సొంత విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే నేను నిజంగానే ఒప్పుకున్నదాన్ని. పుట్టిన దేశం వదిలి వచ్చి చాలా ఏళ్లయింది, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాను. ఒక హాల్లో వరసగా నిలబెట్టారు, చేతికి కార్డులిచ్చారు, అధికారి ఒక్కో వాక్యం చదువుతుంటే మేమంతా తిరిగి చెప్పాం. పక్కనున్న పెద్దాయనకు భాష సరిగా రాదు, సగం మాటలు పెదాలతోనే కానిచ్చాడు. ఈ దేశ చట్టాలకు కట్టుబడి ఉంటానని నేను మాత్రం గట్టిగా, అర్థం తెలిసే అన్నాను.

మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు. వాడు ఎప్పుడూ ఏ ప్రతిజ్ఞా చేయలేదు, ఎవరూ అడగలేదు కూడా. అంటే చట్టానికి నేను ఎక్కువ బాకీ, వాడు తక్కువ బాకీనా? పరాయి దేశం నుంచి వచ్చిన నాకు పెద్ద బాధ్యత, ఈ నేల మీదే పుట్టినవాడికి చిన్న బాధ్యతా? ఇది నాకు ఎంతకీ సమంజసంగా అనిపించదు.

పాతకాగితం

వలసపక్షి గారూ, లాక్ లెక్కలో అక్షరాలా అదే వస్తుంది. నోటితో మాట ఇచ్చినవాడు ఆ సమాజంలో శాశ్వత సభ్యుడు, ఆ ప్రభుత్వం కూలిపోతేనో, ఏదో బహిరంగ నిర్ణయంతో ఆయన్ను సభ్యత్వం నుంచి తీసేస్తేనో తప్ప బయటికి పోవడానికి లేదు. మౌనంగా ఒప్పుకున్నవాడు తన ఆస్తిని వదులుకుని ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. అంతేకాదు, ఒక దేశంలో నెమ్మదిగా చట్టానికి లోబడి బతికినంత మాత్రాన మనిషి ఆ సమాజంలో సభ్యుడైపోడని కూడా ఆయనే రాశాడు, అతిథి ఇంటి పద్ధతులకు లోబడ్డట్టే అది అన్నాడు. మరి మీ అబ్బాయి ఏమిటి? అక్కడే పుట్టి పెరిగినవాడు లాక్ లెక్కలో దారిన పోయే విదేశీయుడితో సమానమవుతాడు. మీకు సమంజసంగా అనిపించకపోవడంలో వింతేమీ లేదు, ఆ సిద్ధాంతంలో పగులు సరిగ్గా అక్కడే ఉంది.

మౌన సమ్మతికి అందరికన్నా గట్టి దెబ్బ కొట్టినవాడు హ్యూమ్. పరాయి భాష రాదు, అక్కడి పద్ధతులు తెలియవు, రోజు కూలితో రోజు గడిచే పేద రైతుకు దేశం వదిలిపోయే స్వేచ్ఛ ఉందని ఎవరైనా గంభీరంగా అనగలరా అని అడిగాడు. నిద్రలో ఉన్నవాణ్ని ఓడ ఎక్కించి, నడిసముద్రంలో లేపి, ఓడలో ఉన్నావు కాబట్టి కెప్టెన్ అధికారాన్ని ఒప్పుకున్నట్టే, కాదంటే దూకొచ్చు అనడం లాంటిదన్నాడు. వద్దనడానికి దారి లేనప్పుడు ఊరుకోవడం సమ్మతి కాదు. ప్లేటో రాసినదాంట్లో సోక్రటీస్‌తో ఏథెన్స్ చట్టాలు మాట్లాడతాయి, డెబ్భై ఏళ్లు ఇక్కడే ఉన్నావు, నచ్చకపోతే ఆస్తితో సహా వెళ్లిపోయే వీలు ఇచ్చాం, వెళ్లలేదు కాబట్టి ఒప్పుకున్నావు అని. సోక్రటీస్ విషయంలో ఆ వాదనకు ఎంతో కొంత బలముంది, విచారణలో దేశబహిష్కారం కోరుకునే అవకాశం ఉన్నా ఆయన కోరుకోలేదు. హ్యూమ్ చెప్పిన రైతుకు అది ఎక్కడుంది?

అడ్డగీత

సమ్మతిని ఎందుకు అంత పట్టుకుని వేలాడుతున్నారు అందరూ? దాన్ని వదిలేసినా బాధ్యత వస్తుంది. పదిమంది నియమాలు పాటిస్తూ, తమ స్వేచ్ఛ కొంత తగ్గించుకుంటూ ఒక పనిని నడుపుతున్నారనుకోండి. దాని లాభం నేనూ పొందుతున్నాను. నా వంతు వచ్చేసరికి తప్పించుకుంటే అది అన్యాయం. ఇందులో ఒప్పందం లేదు, సంతకం లేదు, న్యాయం మాత్రమే ఉంది. 1955లో న్యాయతత్వవేత్త హార్ట్ ఈ మాటే అన్నాడు. మీ అబ్బాయి రోడ్లూ రక్షణా వాడుకుంటున్నాడు కదా వలసపక్షి గారూ, కాబట్టి వాడి బాధ్యత మీదాంతో సమానమే.

నిప్పురవ్వ

లాభం పొందితే బాకీ పడ్డట్టేనా? నేను అడగకుండా నా కిటికీ అద్దాలు తుడిచిపోయి డబ్బులిమ్మంటే ఇవ్వాలా?

పాతకాగితం

నిప్పురవ్వ గారు అన్నది అమెరికన్ తత్వవేత్త నోజిక్ అభ్యంతరానికి దగ్గరగా ఉంది. ఆయన 1974లో ఇచ్చిన ఉదాహరణ ఇది. మీ వీధిలో మీతో పాటు 364 మంది పెద్దవాళ్లున్నారు. వాళ్లకో మైక్ సెట్ దొరికింది, రోజుకొకరు చొప్పున పాటలు వేయాలి, వార్తలు చెప్పాలి, వినోదం పంచాలి అని పేర్ల జాబితా రాసేశారు. 138 రోజులు గడిచాయి, అప్పుడప్పుడూ కిటికీ తీసి మీరూ విన్నారు, నవ్వుకున్నారు. ఇప్పుడు మీ వంతు. ఆ రోజంతా మైకు ముందు కూర్చోవాల్సిన బాధ్యత మీకుందా? లేదని నోజిక్ అంటాడు, నాకూ అలాగే అనిపిస్తుంది.

అడ్డగీత గారి పక్షాన ఒక మాట చెప్పాలి. మైకులో పాటలు లేకపోయినా బతకొచ్చు, దాడుల నుంచి రక్షణ లేకుండా బతకలేం. ఎవరైనా కోరుకోక తప్పనంత అవసరమైన వాటి విషయంలో న్యాయమైన వంతు అనే వాదన నిలబడుతుందని కొందరు గట్టిగా వాదించారు. కానీ అక్కడ ఇంకో చిక్కు ఉంది, అందుకున్నదానికీ స్వీకరించినదానికీ తేడా ఉంది. దేశరక్షణను కాదనే వీలే లేదు, అది మన మీద దానంతటదే పడుతుంది, మనం చేయి చాచి తీసుకున్నది కాదు. 1979లో సిమ్మన్స్ అనే తత్వవేత్త ఈ దారులన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించి, మామూలు పౌరుల్లో చాలామందికి తమ రాజ్యం పట్ల ప్రత్యేకమైన బాధ్యత ఏదీ రుజువు కాదని తేల్చాడు. చట్టం చెప్పిన చాలా పనులు వేరే నైతిక కారణాల వల్ల చేయాల్సినవే అని ఆయన ఒప్పుకుంటాడు. చట్టం చెప్పింది కాబట్టి చేయాలి అన్నది మాత్రం రుజువు కాలేదంటాడు.

సరళరేఖ

అంటే సమ్మతి దారి మూసుకుపోయింది, వంతు దారి సగమే తెరిచి ఉంది. మరి ప్రకృతి స్థితి నుంచి మొదలుపెట్టిన వాదన మొత్తం పోయినట్టేనా? అలా అయితే రెండు వందల ఏళ్లు అంతమంది దాని మీద ఎందుకు కూర్చున్నారు?

పాతకాగితం

పోలేదు. నా దృష్టిలో దాని అసలు బలం సమ్మతిలో లేదు, ప్రకృతి స్థితిలో ఏం లోపించిందో సరిగ్గా చూపించడంలో ఉంది. కాస్త ఓపిక పట్టి చదవండి, ఒక్క ఉదాహరణ చివరిదాకా తీసుకెళ్తాను.

ప్రభుత్వం లేదు. ఇద్దరు రైతులున్నారు, ఒకరు వాగుకు తూర్పున, ఒకరు పడమర. ఇద్దరూ మంచివాళ్లే, దొంగబుద్ధి లేనివాళ్లే, ఇది ముఖ్యం. హద్దు వాగే అని ఏనాడో ఇద్దరూ అనుకున్నారు. ఒక రాత్రి వరద వచ్చి వాగు ముప్పై అడుగులు తూర్పుకు జరిగింది. ఇప్పుడు తూర్పు రైతు నేలలో ముప్పై అడుగులు పడమటి గట్టున ఉంది. పడమటి రైతు అంటాడు, హద్దు వాగు అనుకున్నాం, వాగు ఎక్కడుంటే అక్కడే హద్దు. తూర్పు రైతు అంటాడు, మనం అనుకున్నది ఆనాడు వాగు ఉన్న గీత గురించి, వరద వచ్చి నా చెమటను నీ చేతిలో పెట్టలేదు.

ఎవరిది న్యాయం? నిజంగా ఆలోచించండి. వాగు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా జరిగితే హద్దు కూడా జరుగుతుందనీ, ఒక్కసారిగా మారితే పాత హద్దే నిలుస్తుందనీ చాలాచోట్ల చట్టం చెబుతుంది. మంచి నియమమే. కానీ కొద్దికొద్దిగా అంటే ఎంత? మూడు వానాకాలాల్లో జరిగితే దేని కిందికి వస్తుంది? ఆ గీత ఎక్కడ గీయాలో ఏ నీతీ చెప్పదు. ఎక్కడో ఒకచోట గీయాలి, అది ఇద్దరికీ ఒకటే అవ్వాలి, అంతే.

ఇక జరిగేది చూడండి. తూర్పు రైతు ఆ ముప్పై అడుగుల్లో విత్తనం వేశాడు. పడమటి రైతు పంట కోసుకున్నాడు, తన నేలలో వేసిన పంట కాబట్టి. తూర్పు రైతుకు అది దొంగతనం. ప్రకృతి స్థితిలో దొంగను శిక్షించే హక్కు ప్రతివాడికీ ఉందని లాక్ అన్నాడు కదా, ఆ హక్కుతోనే పడమటి రైతు ఎడ్లను తూర్పు రైతు తోలుకొచ్చాడు. పడమటి రైతుకు అది అన్యాయమైన దాడి. ఒక్కో అడుగూ వేసినవాడికి న్యాయంగానే ఉంది. ఇద్దరు నిజాయతీపరులు ఒకరినొకరు నేరస్థులుగా శిక్షించుకుంటున్నారు. ప్రకృతి స్థితి భయంకరంగా మారడానికి దుర్మార్గులు అక్కర్లేదు. ఈ మాటను అందరికన్నా స్పష్టంగా పట్టుకున్నవాడు జర్మన్ తత్వవేత్త కాంట్, మనుషులు ఎంత మంచివాళ్లయినా సరే ప్రతివాడూ తనకు మంచిదని తోచినదే చేస్తుంటే ఎవరికీ ఎవరి నుంచీ భద్రత ఉండదన్నాడు.

మధ్యవర్తిని పెట్టుకుంటే సరి అంటారా? ఎవర్ని? ఒకరు మెచ్చినవాణ్ని ఇంకొకరు నమ్మరు. ఇద్దరూ మెచ్చిన మనిషే దొరికాడనుకోండి, తీర్పు తూర్పు రైతుకు వ్యతిరేకంగా వచ్చింది, అది తప్పని అతను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. సరైన తీర్పుకే లోబడతాను అంటే, తీర్పు సరైనదో కాదో తేల్చేవాడు మళ్లీ తనే. అంటే మధ్యవర్తి వచ్చినా ప్రకృతి స్థితి నుంచి ఎవరూ ఒక్క అడుగు బయటికి రాలేదు. చట్టానికి లోబడటం అంటే అక్కడ మొదలవుతుంది, నాకు తప్పనిపించినా ఈ విషయం ఇక్కడితో తేలింది అని ఒప్పుకోవడంలో.

ఇప్పుడు బాధ్యత ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. తూర్పు రైతు ఎక్కడా సంతకం పెట్టలేదు. కానీ ఉమ్మడి తీర్పరి కిందికి రానంటే, పక్కవాడి మీద తన మాటే చట్టమని రుద్దుతున్నట్టు. ఆ హక్కు అతనికి ఎవరిచ్చారు? ఇది ప్రభుత్వానికి పడిన బాకీ కాదు, పక్క రైతుకు పడిన బాకీ. వాగు పక్కనే ఉన్నంత కాలం ఆ పొరుగును తప్పించుకోలేడు కాబట్టి ఈ బాకీనీ తప్పించుకోలేడు. వలసపక్షి గారూ, మీరూ మీ అబ్బాయీ ఇందులో సమానమే. ప్రతిజ్ఞ చేశారా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఎవరి పక్కన బతుకుతున్నారన్నదే లెక్క.

వలసపక్షి

ఇది చదివాక మనసు కాస్త కుదుటపడింది. కానీ అలా అయితే ఆ హాల్లో నేను అన్న మాటకు విలువే లేదా? నాకు అది చిన్న విషయం కాదు. ఆ రోజు తర్వాత ఇక్కడి చట్టం నాకు పరాయి వాళ్ల చట్టంలా అనిపించడం మానేసింది.

అడ్డగీత

విలువ ఉంటుంది కదా, మాట ఇస్తే మాట నిలబెట్టుకోవాలి, అది అదనంగా వచ్చి చేరుతుంది. అయితే హ్యూమ్ అడిగిన ఒక ప్రశ్న ఇక్కడ గుర్తు చేయాలి. ఒప్పుకున్నావు కాబట్టి లోబడు అంటే, సరే, ఇచ్చిన మాట ఎందుకు నిలబెట్టుకోవాలి అని అడిగాడు. మాట నిలబెట్టుకోకపోతే సమాజం నిలవదు కాబట్టి అనే చివరికి చెప్పాలి. చట్టానికి లోబడకపోయినా సమాజం నిలవదు కదా, మరి ఒకదాన్ని ఇంకోదాని మీద ఎందుకు నిలబెట్టాలి, రెండూ ఒకే నేల మీద పక్కపక్కన ఉన్నాయి అన్నాడు. కాబట్టి మీ ప్రతిజ్ఞ మీ అబ్బాయి బాధ్యతకు పునాది కాదు, మీ బాధ్యతకూ అదొక్కటే పునాది కాదు.

బండరాయి

వాగు ఉదాహరణ బాగుంది, ఒప్పుకుంటాను. కానీ రాత్రి రెండింటికి మనిషన్నవాడు లేని కూడలి, నాలుగు వైపులా కనుచూపు మేర ఖాళీ, ఎర్ర లైటు పడింది. ఆగాలా? అక్కడ ఏ పక్క రైతూ లేడు, ఎవడికి బాకీ?

పాతకాగితం

మంచి చోటు పట్టుకున్నారు. 1973లో స్మిత్ అనే ఆయన సరిగ్గా ఇలాంటి సందర్భాలతోనే వాదించాడు. నష్టం లేని చోట, చూసి నేర్చుకునేవాడు లేని చోట, చట్టాన్ని మీరితే తప్పేమిటో ఎవరైనా చూపించగలరా అని. నా జవాబు పూర్తిగా గెలవదు కానీ చెబుతాను. "ఇక్కడ నియమం అక్కర్లేదు" అని తేల్చే పని నేను నా చేతిలోకి తీసుకుంటే, రేపు ఖాళీగా ఉందని నాకు తోచిన ఇంకో కూడలిలోనూ నేనే తేలుస్తాను, చీకట్లో లైటు లేని సైకిలు వస్తోందని నాకు కనిపించకపోవచ్చు. అయినా మీరు చెప్పిన ఆ ఒక్క కూడలిలో, నిజంగానే ఎవరూ లేరని తెలిసినప్పుడు, ఆగాల్సిన బాధ్యత చాలా పలుచన అని ఒప్పుకోవాలి. పొరుగువాడితో తగాదాను తీర్చే చట్టం దగ్గర ఈ వాదన బలంగా ఉంటుంది, ఎవరినీ తాకని చిన్న నియమం దగ్గర బలం తగ్గుతుంది. అన్ని చట్టాలకూ ఒకే బరువు ఇచ్చే సిద్ధాంతం ఎవరైనా చూపిస్తే నేను అనుమానంగానే చూస్తాను.

నిప్పురవ్వ

నాకు దీనికన్నా పెద్ద అభ్యంతరం ఉంది. ఆ తీర్పరి పడమటి రైతు బావమరిది అయితే? తూర్పు వాళ్లకు కోర్టు గడప తొక్కే హక్కే లేకపోతే? చరిత్రలో చాలా చట్టాలు అలాంటివే. ఒక జాతిని ఆస్తిగా చూసిన చట్టం, ఆడవాళ్లను సాక్షులుగా కూడా ఒప్పుకోని చట్టం. తగాదా తేలింది కాబట్టి లోబడు అని వాళ్లతో అంటారా? మీ వాదన ఏ కోటలో కూర్చున్నవాడికైనా పనికొస్తుంది.

పాతకాగితం

లేదు, ఇక్కడ లాక్ మళ్లీ అక్కరకొస్తాడు. ఎవరి తీర్పుకూ లోబడని రాజు తన ప్రజలతో ఇంకా ప్రకృతి స్థితిలోనే ఉన్నట్టు లెక్క, ఎందుకంటే తనూ వాళ్లూ తగాదా పడితే తీర్చే ఉమ్మడి తీర్పరి లేడు అన్నాడు. నక్కల బాధ తప్పించుకోవడానికి సింహాల నోట్లో పడటం భద్రత అనుకునేంత తెలివితక్కువవాళ్లా మనుషులు అని అడిగాడు. కాబట్టి తీర్పరి ఒక పక్షం మనిషైతే ఉమ్మడి తీర్పరి లేనట్టే, తూర్పు రైతుకు బాధ్యత కలిగించే ఆధారమే అక్కడ లేదు. తేడా ఎలా పట్టుకోవాలంటే, తీర్పు నాకు నచ్చిందా అని కాదు, నా మాట వినే దారి ఉందా, ఆ నియమం తీర్పు చెప్పేవాడి సొంత మనుషులకూ వర్తిస్తోందా, రేపు దాన్ని మార్చమని అడిగే వీలుందా అని చూడాలి. బానిసను ఆస్తిగా చూసే చట్టం ఈ మూడింటిలో దేనికీ నిలబడదు. అక్కడ బానిసకు ఆ చట్టం పట్ల ఏ బాకీ లేదని నేను సంకోచం లేకుండా అంటాను.

నిప్పురవ్వ

అక్కడ మీరు సంకోచించరు, మీ కాంట్ ఏమన్నాడు? తిరుగుబాటు హక్కు ప్రజలకు లేనే లేదన్నాడు. ఫ్రెంచి విప్లవాన్ని చూసి జనంలో కలిగిన ఉత్సాహాన్ని మెచ్చుకున్న మనిషి, హక్కు దగ్గరికి వచ్చేసరికి లేదన్నాడు. అది పొరపాటున అన్నది కాదు, మీరు చెప్పిన వాదనలోంచే వచ్చింది. ప్రతివాడూ తనకు తోచినట్టు తీర్పు చెప్పుకోకూడదంటే, "ఈ ప్రభుత్వం ఉమ్మడి తీర్పరి కాదు, ఒక పక్షమే" అన్న తీర్పు మాత్రం ఎవరు చెప్పాలి? మీ మూడు పరీక్షల్ని పెట్టేది మళ్లీ ఆ తూర్పు రైతే కదా!

సరళరేఖ

నేను అడగబోయిందీ ఇదే. దీనికి లాక్ ఏమైనా చెప్పాడా?

పాతకాగితం

చెప్పాడు. తీర్పు చెప్పాల్సింది ప్రజలే అన్నాడు, భూమ్మీద తీర్పరి లేనప్పుడు ఇక దైవానికి మొరపెట్టుకోవడమే మిగులుతుందన్నాడు. ఆ మాటకు అర్థం ఆయుధం పట్టడం, ఫలితానికి పూచీ తన మీదే వేసుకోవడం. చిన్నచిన్న తప్పులకు జనం కదలరు, వరసగా ఒకే వైపుకు సాగే వేధింపులు చూశాకే లేస్తారు కాబట్టి ఈ హక్కు వల్ల రోజూ గందరగోళం రాదని కూడా అన్నాడు. కానీ ఇది జనం ఎలా ప్రవర్తిస్తారన్న దానికి జవాబు, నిప్పురవ్వ గారు అడిగింది ఆ తీర్పు చెప్పే అధికారం ఎక్కడి నుంచి వచ్చిందని. కొందరు కాంట్ వాదులు చెప్పే దారి ఒకటుంది. పూర్తిగా ఒక పక్షమే అయిపోయిన పాలనను రాజ్యమే అనకూడదు, అది పేరు మార్చుకున్న ప్రకృతి స్థితి, కాబట్టి దాన్ని ఎదిరించడం తిరుగుబాటు కాదు, రాజ్యాన్ని నిలబెట్టే ప్రయత్నం అంటారు. బానిసత్వం లాంటి చోట నాకు అది సరిపోతుంది. మధ్యలో ఉన్నవాటికి, అంటే కోర్టులు చాలావరకు పనిచేస్తూ కొందరికి మాత్రం పదేపదే అన్యాయం జరిగే చోట, సరిపోదు. మనలో చాలామంది బతికేది అలాంటి చోట్లే.

వలసపక్షి

అలాంటి చోట మా అబ్బాయికి నేను ఏం చెప్పాలి? వాడు కిందటి నెల ఒక నిరసనలో పోలీసులు పొమ్మన్నా రోడ్డు మీంచి కదల్లేదు, జరిమానా పడింది. జరిమానా కట్టాడు. రోడ్డు మాత్రం ఇంకోసారి కూడా వదలనంటున్నాడు.

అడ్డగీత

జరిమానా కట్టాడంటే తీర్పరిని కాదనలేదు వలసపక్షి గారూ, ఆ ఒక్క ఆదేశాన్ని మాత్రమే కాదన్నాడు. ఆ రెంటికీ మధ్య చాలా దూరం ఉంది. ముందు వాడి కారణాలు ఏమిటో అడగండి, పాతకాగితం గారు చెప్పిన మూడు ప్రశ్నలూ వాడి ముందు పెట్టండి. మాట వినే దారి నిజంగా మూసుకుపోయిందంటాడా, లేక ఉన్న దారి నెమ్మదిగా ఉందంటాడా? మొదటిదైతే నేను వాడి పక్షమే. రెండోదైతే వాడితో నాకు ఇంకా మాట్లాడాల్సింది ఉంది.